సింక్ నీళ్లు డిష్‌వాషర్‌లోకి ఎలా చేరాయి: నల్లగొండ వంటింట్లో ఒక డ్రెయిన్ పైపు కేసు

నల్లగొండ పట్టణంలో ఒక ఇంట్లో, వంటగట్టు కింద సింక్ పక్కనున్న అర తీసేసి, ఆ ఖాళీలో డిష్‌వాషర్ పెట్టుకున్నారు. మిషన్ కొత్తదే. గిన్నెలు బాగానే కడుగుతోంది. కానీ రాత్రి కడిగి ఆరిన గిన్నెలను పొద్దున తీద్దామని తలుపు తెరిస్తే అడుగున మురికినీళ్లు నిలిచి ఉంటున్నాయి. ఆ ఇంటి ఇల్లాలు నన్ను పిలుస్తూ ఫోన్‌లో చెప్పిన మాట ఇది: "అన్నా, రాత్రి పండేటప్పుడు లోపల పొడిగనే ఉంటది. పొద్దున నేను సింక్‌ల అంట్లు తోమినంక చూస్తే అడుగున పసుపు నీళ్లు, నురుగు. మెతుకులు గూడ తేలుతున్నయి."

ఆ మాటల్లోనే కేసు సగం తేలింది. మిషన్ తన నీటిని తాను బయటికి పంపలేకపోతే అవి కడగడం ముగిసిన వెంటనే కనిపించాలి. రాత్రి పొడిగా ఉన్న అడుగు పొద్దున సింక్ వాడాక తడిసిందంటే ఆ నీళ్లు సింక్ నుంచి వచ్చాయనే అనుమానించాలి. రెండో ఆధారం నురుగు. డిష్‌వాషర్‌లో వేసే పొడి గానీ బిళ్ల గానీ దాదాపు నురగ రాకుండా తయారవుతుంది, ఎందుకంటే నురగ పెరిగితే లోపల నీళ్లు చిమ్మే పంపుకు గాలి తగిలి ఒత్తిడి పడిపోతుంది. చేత్తో తోమడానికి వాడే సబ్బు ద్రవమే బాగా నురగనిస్తుంది. కాబట్టి మిషన్ అడుగున నురగ తేలుతుంటే, ఎవరైనా పొరపాటున ఆ ద్రవాన్ని మిషన్‌లో పోశారా అని అడగాలి, పోయలేదంటే సింక్ వైపు చూడాలి. ఇక్కడ ఎవరూ పోయలేదు.

వెళ్లి చూసినప్పుడు ముందుగా పనిముట్లు తీయకుండా టేపుతో ఎత్తులు కొలిచాను. ఇలాంటి ఫిర్యాదుల్లో ఎత్తులే అసలు సంగతి చెబుతాయని నా అనుభవం. నేల నుంచి గ్రానైట్ గట్టు పైభాగం 84 సెంటీమీటర్లు ఉంది. సింక్ తొట్టి లోతు 20 సెంటీమీటర్లు కాబట్టి దాని అడుగు 64 దగ్గర ఉంది. సింక్ కింద, అడుగున నీళ్లు నిలిచే కప్పు ఉండే బాటిల్ ట్రాప్ బిగించి, దాని మెడకు పక్కగా ఉన్న నాజిల్‌కు డిష్‌వాషర్ డ్రెయిన్ పైపు తొడిగారు. ఆ నాజిల్ నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. మిషన్ లోపల ఫిల్టర్ ఉండే గుంట నేల నుంచి సుమారు 15 సెంటీమీటర్లు. డ్రెయిన్ పైపు మిషన్ వెనక కింది మూల నుంచి బయలుదేరి, అర పలకకు నేల దగ్గర కొట్టిన రంధ్రం గుండా సింక్ అరలోకి వచ్చి, అక్కడ ఒక చుట్టగా పడి ఉండి, చివరి భాగం మాత్రమే నిలువుగా లేచి నాజిల్‌కు చేరుతోంది. అంటే ఆ పైపు దారి మొత్తంలో ఎత్తైన చోటు నాజిలే. దాన్ని దాటిన నీరు ఏదైనా 35 సెంటీమీటర్ల పల్లానికి, మిషన్ గుంటలోకి జారిపోవడానికి అడ్డేమీ లేదు.

అంతకుముందు జరిగిన ప్రయత్నం

ఈ నీళ్ల గొడవ మొదలయ్యాక ఆ ఇంటివారు ఎవరో చెప్పిన సలహా మీద పైపును సింక్ నాజిల్ నుంచి ఊడదీసి, వెనకనున్న వాష్ ఏరియాలోని నహానీ ట్రాప్ జాలిలో పెట్టి చూశారు. మురికినీళ్లు వెనక్కి రావడం ఆగింది. కానీ కొత్త తంటా వచ్చింది. మిషన్ నీళ్లు పట్టుకోవడం వినిపిస్తూనే ఉండేది, గిన్నెలకు సబ్బు సరిగా అంటేది కాదు, చివరికి నీళ్లు అందడం లేదన్న హెచ్చరిక చూపి ఆగిపోయేది. నల్లా నీరు మాత్రం ధారగానే వస్తోంది. విసిగిపోయి పైపును మళ్లీ సింక్ కిందికే తెచ్చి తొడిగారు.

ఈ రెండు తంటాలు ఒకదానికొకటి ఎదురువి. ఒకదానిలో నీళ్లు లోపలికి వస్తున్నాయి, రెండోదానిలో బయటికి పోతున్నాయి. రెండింటికీ మూలం మాత్రం పైపుకు తగిన ఎత్తు లేకపోవడమే. ఇది అర్థం కావాలంటే డ్రెయిన్ పంపు ఎలాంటిదో తెలియాలి. అది తిరిగినప్పుడు నీటిని తోస్తుంది, ఆగినప్పుడు దారిని మూయదు. ఆగిన పంపు రెక్కల మధ్య నుంచి నీరు ఇటూ అటూ తేలిగ్గా పోతుంది. చాలా మిషన్లలో పంపు దగ్గర నీరు వెనక్కి రాకుండా చిన్న రబ్బరు మూత ఒకటి ఉంటుంది. అది వెనక్కి వచ్చే నీటిని ఆపడానికే గానీ బయటికి పోయే నీటిని ఆపదు. ఒక జీలకర్ర గింజో చింతపండు పీచో దాని అంచున ఇరుక్కుంటే వెనక్కి వచ్చే నీటిని కూడా ఆపదు. అందుకే ఆ మూతను నమ్ముకొని పైపు వేయకూడదు.

ఇక నహానీ ట్రాప్ సంగతి. పైపు నేలమీదుగా పోయి నేలమట్టంలోనే ముగిస్తే, మిషన్ గుంటలోకి చేరే నీటికన్నా పైపు చివర కిందే ఉంది. మిషన్ నీళ్లు పడుతూ ఉంటే అవి అదే వేగంతో కాకపోయినా ఆగకుండా జారిపోతూ ఉంటాయి. మిషన్ ఎదురుచూసే మట్టం ఎప్పటికీ రాదు, అందుకే అది నీళ్లు అందడం లేదని అనుకుంటుంది. కొందరు పైపును మధ్యలో ఒక జానెడు పైకి లేపి, మిట్ట దాటించాం కదా అంటారు. అది చాలదు. పంపు ఒకసారి పైపంతా నిండేలా నీటిని తోశాక పంపు ఆగినా, నిండిన పైపు తనంతట తానే నీటిని లాగుతూ పోతుంది. డ్రమ్ములో పైపు వేసి ఒకసారి నోటితో లాగి వదిలితే డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా నీరు కారుతూ ఉన్నట్లే ఇదీ. గాలి చొరబడితేనే ఆ లాగుడు తెగుతుంది. ఆ తర్వాత మళ్లీ పట్టిన నీటి మట్టం ఆ జానెడు మిట్టను దాటితే మళ్లీ మొదలవుతుంది.

కాబట్టి పైపుకు రెండు ఎత్తులు కావాలి, రెండింటి పనీ వేరు. పైపు చివర, అంటే నాజిల్, మిషన్‌లో కడిగే నీటి మట్టం కన్నా పైన ఉండాలి, ఇది మిషన్ నీళ్లు బయటికి కారిపోకుండా చూస్తుంది. చాలా కంపెనీల పుస్తకాల్లో పైపు చివర ఎత్తుకు కనీస, గరిష్ఠ హద్దులు ఇస్తారు. సాధారణంగా అవి 40 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య ఉంటాయి, మన మిషన్ పుస్తకంలో ఏముందో చూసి దానికే కట్టుబడాలి. ఇక చివరకు చేరే ముందు పైపు గట్టు అడుగు దాకా లేచి, ఒక వంపు తిరిగి దిగాలి. దీన్నే హై లూప్ అంటారు. ఇది సింక్ నీళ్లు మిషన్‌లోకి రాకుండా చూస్తుంది. ఈ ఇంట్లో మొదటి ఎత్తు సరిపోయింది, రెండోది అసలే లేదు. నహానీ ట్రాప్‌లో పెట్టినప్పుడు రెండూ లేవు.

నీలిమందు పరీక్ష

అనుమానం బలంగా ఉన్నా, చూపించకుండా చెబితే ఇంటివారికి నమ్మకం కుదరదు, పైగా కారణాలు రెండు కలిసి ఉంటే దేని వల్ల ఎంత జరిగిందో మనకూ తెలియదు. సింక్ నీళ్లు నెమ్మదిగా దిగుతున్నాయని అప్పటికే కనిపిస్తోంది. అంటే ట్రాప్‌లో మడ్డి పేరుకుంది. అయినా ట్రాప్‌ను ముందుగా విప్పి శుభ్రం చేయలేదు. అది చేస్తే ఫిర్యాదు కొన్నాళ్లు మాయమయ్యేది, పైపు తప్పు మాత్రం అలాగే దాగి ఉండేది.

మిషన్‌లో మిగిలిన నీటిని తోడించే ప్రోగ్రాం నడిపి, ఫిల్టర్ తీసి, గుంటను గుడ్డతో ఒత్తి ఆరబెట్టాను. సింక్‌కు బిరడా పెట్టి సగానికి నీళ్లు నింపి, బట్టలకు వాడే నీలిమందు కొన్ని చుక్కలు కలిపి బిరడా లాగాను. మిషన్ స్విచ్ ఆపే ఉంది. తలుపు తెరిచి టార్చ్ వేసి చూస్తుండగా, కాసేపటికే గుంట అడుగున రంధ్రం నుంచి లేత నీలం నీరు ఊరడం మొదలైంది. సింక్ పూర్తిగా ఖాళీ అయ్యేసరికి గుంట నిండి ఫిల్టర్ కూర్చునే అంచు దాకా వచ్చింది. ఇంటి ఇల్లాలు వంగి చూసి, "ఇన్ని దినాలు నేను పోసిన అంట్ల నీళ్లే గిన్నెల మిషిన్ల చేరినయా" అన్నారు.

రెండో విడతలో గుంటను మళ్లీ ఆరబెట్టి, నేలమీద చుట్టగా పడి ఉన్న పైపును పైకి లాగి, గట్టు అడుగున చేత్తో పట్టుకొని, ఇంటబ్బాయితో అవే నీళ్లు అంతే ఎత్తుకు నింపించి బిరడా లాగించాను. ట్రాప్ ఇంకా మడ్డితోనే ఉంది, సింక్ మునుపటిలాగే మెల్లగా దిగింది. గుంటలోకి చుక్క నీలం రాలేదు. ఇలా ఒక్కటే మార్చి మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్లు ఉంచడం వల్ల సందేహానికి చోటు మిగలలేదు.

జరిగినదాన్ని ఎత్తుల లెక్కలో చూద్దాం. ట్రాప్ శుభ్రంగా ఉన్నప్పుడు సింక్ నీరు నాజిల్ పక్క నుంచి జారిపోతుంది, కొంచెం చిందిన నీరు మాత్రమే నాజిల్‌లోకి పోతుంది. మడ్డి పట్టినప్పుడు మాత్రం నీరు ట్రాప్ మెడలో నిలిచి నాజిల్‌ను ముంచేస్తుంది. ఒత్తిడి తక్కువ ఉన్న దారి డ్రెయిన్ పైపే కాబట్టి నీరు అటు మళ్లుతుంది. పైపు వంపు 50 దగ్గర ఉంటే సింక్‌లో అడుగు మాత్రమే తడిసినా వెనక్కి వస్తుంది. అదే గట్టు అడుగున, 79 దగ్గర ఉంటే, సింక్‌లో 15 సెంటీమీటర్ల నీళ్లు నిండుగా ఉండి, వాటికి కిందికి దారి దొరకనప్పుడే ఆ వంపు దాటే వీలుంది.

వంపు వేసిన తీరు

కొత్త పైపు కొనాల్సిన పని రాలేదు. మిషన్‌తో వచ్చిన పైపులో నేలమీద వృథాగా చుట్టుకొని ఉన్న భాగమే వంపుకు సరిపోయింది. పలకలో ఉన్న కింది రంధ్రం గుండానే సింక్ అరలోకి తెచ్చి, అక్కడి నుంచి వెనక గోడ వెంట నిలువుగా గట్టు అడుగు దాకా లేపి, విశాలమైన వంపు తిప్పి, నాజిల్‌కు పైనుంచి దించాను. గ్రానైట్ అడుగున స్క్రూ పట్టదు. జిగురు క్లిప్పులు వంటింటి నూనె ఆవిరికి కొన్ని నెలల్లో ఊడిపోతాయి. అందుకని వంపుకు రెండు పక్కలా అర పలకకు స్క్రూలతో పైపు క్లాంపులు బిగించాను. వంపు శిఖరం జారకుండా చూడడమే ఆ క్లాంపుల పని. కేబుల్ టై వాడినా ఫరవాలేదు గానీ పైపు నొక్కుకుపోయేలా బిగించకూడదు.

మెలిక సంగతి ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి. ఈ మడతల ప్లాస్టిక్ పైపు చల్లగా ఉన్నప్పుడు గట్టిగా నిలబడుతుంది. వేడినీటి ప్రోగ్రాంలో 60 నుంచి 70 డిగ్రీల నీరు పోయేటప్పుడు మెత్తబడి, వంపు ఇరుకుగా ఉంటే అక్కడే మడతపడుతుంది. చల్లటి నీటితో పరీక్షించి వెళ్లిపోతే ఇది కనిపించదు. అందుకే వంపు వేశాక బాగా వేడి ప్రోగ్రాం ఒకటి నడిపించి, నీళ్లు తోడే సమయంలో వంపును చేత్తో తడిమి చూశాను. పైపు గుండ్రంగానే ఉంది.

వంపును ఎంత ఎత్తుకు తీసుకుపోతే అంత మంచిదనుకోవడం కూడా సరికాదు. పంపుకు తోసే శక్తికి హద్దుంది. గట్టు అడుగున వంపు వేస్తే ఆ హద్దులోనే ఉంటాం. గోడవెంట సింక్ పైకి, కిటికీ దాకా లేపితే నీరు సగంలోనే ఆగిపోవచ్చు. కొన్ని మిషన్లకు కంపెనీవారే వెనక లేదా పక్క పలకకు పైపును ఎత్తుగా బిగించి ఇస్తారు. పైపు పొడవు చాలడం లేదని దాన్ని ఊడదీయడం చాలాచోట్ల చూస్తుంటాను. అది చేయకూడదు.

ట్రాప్‌తో కలిపే చోటు

తర్వాత ట్రాప్ విప్పాను. కింది కప్పు నిండా గట్టిపడిన నూనె, దానిలో చిక్కుకున్న మెతుకులు, కరివేపాకు ఈనెలు ఉన్నాయి. దాన్ని శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు. నాజిల్‌లో మాత్రం చూడదగ్గది ఒకటి కనిపించింది. నాజిల్ ఉన్న ట్రాప్‌లలో చాలావాటికి నాజిల్ లోపలి చివర ప్లాస్టిక్ పొరతో మూసి ఉంటుంది, మిషన్ లేని ఇళ్లలో అక్కడి నుంచి నీళ్లు కారకుండా. మిషన్ తగిలించేటప్పుడు ఆ పొరను పూర్తిగా కోసి తీసేయాలి. ఇక్కడ బిగించినవారు స్క్రూడ్రైవర్‌తో పొడిచి వదిలేశారు. రంధ్రం చిటికెన వేలు కూడా దూరనంత చిన్నది, దాని అంచులు లోపలికి వంగి ముళ్లలా ఉన్నాయి, వాటికి పీచు చుట్టుకొని ఉంది. మిషన్ నీళ్లు తోడేటప్పుడు పంపు మూలుగుతున్నట్లు వినిపించడానికి కారణం అదే. ఆ పొర పూర్తిగా మూసి ఉంటే మిషన్ మొదటి రోజే ఆగిపోయి తప్పు బయటపడేది. సగం తెరిచి ఉంటే మాత్రం నెలలతరబడి ఎలాగో నడుస్తుంది. కత్తితో పొరను గోడ దాకా కోసి, అంచును నున్నగా చేశాను.

నాజిల్ ట్రాప్‌కు ఏ పక్కన ఉందో తప్పక చూడాలి. బాటిల్ ట్రాప్ కప్పులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ నీటి అడ్డే డ్రైనేజీ వాసనను, బొద్దింకలను ఇంట్లోకి రానివ్వదు. ఆ అడ్డు కనీసం 50 మిల్లీమీటర్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. మిషన్ పైపు ఆ నీటికి సింక్ వైపున, నిలిచిన నీటి మట్టానికి పైన కలవాలి. అప్పుడు మిషన్ నుంచి వచ్చే నీరు కూడా అదే నీటి అడ్డును దాటి పోతుంది. గోడలోకి పోయే గొట్టానికి, అంటే ట్రాప్ దాటాక, మూడు దారుల టీ జాయింటు పెట్టి కలిపితే నీళ్లు చక్కగానే పోతాయి గానీ మిషన్‌కూ డ్రైనేజీకీ మధ్య అడ్డేమీ ఉండదు. వంపులో నీరు నిలవదు కాబట్టి హై లూప్ ఆ వాసనను ఆపదు. తలుపు తెరవగానే కడిగిన గిన్నెల నుంచి మురుగు కంపు వస్తోందని, అడుగున నీళ్లు మాత్రం లేవని ఎవరైనా చెబితే నేను ముందు చూసేది ఈ కలయికనే. మన వైపు పాత ఇళ్లలో సింక్ కింద ట్రాప్ లేకుండా ఒక మెత్తటి వేస్ట్ పైపు మాత్రమే దించి ఉంటుంది. దానికి బ్లేడుతో గాటు పెట్టి మిషన్ పైపును దూర్చి టేపు చుట్టడం పని కాదు. నాజిల్ ఉన్న బాటిల్ ట్రాప్ శానిటరీ షాపుల్లో అడిగితే దొరుకుతుంది, దాన్నే బిగించుకోవాలి.

నాజిల్‌కు పైపు రబ్బరు మూతిని చివరిదాకా తొడిగి, స్టీలు క్లిప్ వేసి బిగించాను. ప్లాస్టిక్ నాజిల్ పగిలేంతగా కాకుండా, పైపును చేత్తో తిప్పితే తిరగనంతవరకు చాలు. తర్వాత సింక్‌ను నిండుగా నింపి బిరడా లాగుతూ, అదే సమయంలో మిషన్‌లో నీళ్లు తోడే ప్రోగ్రాం నడిపించాను. రెండు నీళ్లూ కలిసి వచ్చినా ట్రాప్ తట్టుకుంటుందా, సింక్‌లోకి మిషన్ నీళ్లు పైకి పొంగుతాయా అన్నది ఆ పరీక్షతో తెలుస్తుంది. కొద్దిగా బుడగలు వచ్చాయి, మట్టం పెరగలేదు. పెరిగి ఉంటే అడ్డు గోడలోని గొట్టంలోనో బయటి ఛాంబర్‌లోనో ఉందని అర్థం, వంపు దాన్ని సరిచేయలేదు.

హై లూప్‌కు ఉన్న హద్దును ఇంటివారికి కూడా చెప్పాను. బయటి డ్రైనేజీ మూసుకుపోయి సింక్ నిండుగా ఎగదన్నితే ఆ నీరు వంపును దాటగలదు. దానికి పూర్తి రక్షణ ఎయిర్ గ్యాప్ అనే అమరిక. అందులో మిషన్ నీరు గట్టు పైన ఒక చిన్న గొట్టంలో గాలిలోంచి పడి కిందికి పోతుంది, పైపులు ఒకదానికొకటి నేరుగా అంటుకోవు. అమెరికాలో కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాల్లో అది తప్పనిసరి. మన ఇళ్లలో గట్టు కింద సరిగా వేసిన వంపు, శుభ్రమైన ట్రాప్ ఉంటే రోజువారీ వాడకానికి సరిపోతాయని నా అభిప్రాయం.

కొన్నాళ్లకు ఆ ఇంటి నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. ఫిల్టర్ తీసి కడుగుదామని చూస్తే కింద గుంటలో ఇంకా కొన్ని నీళ్లున్నాయని కంగారు పడ్డారు. రంగు ఏమిటి, నురగ ఉందా, ఫిల్టర్ పైకి వచ్చాయా అని అడిగాను. తేటగా ఉన్నాయి, నురగ లేదు, ఫిల్టర్ కిందే ఉన్నాయి. అవి ఉండాల్సిన నీళ్లే. పంపు ఆగగానే, పైకి లేచిన పైపులో మిగిలినవి తిరిగి గుంటలోకి దిగుతాయి. 2 సెంటీమీటర్ల వెడల్పు లోపలి రంధ్రం, 70 సెంటీమీటర్ల నిలువు పైపు అనుకుంటే ఆ నీరు 220 మిల్లీలీటర్లు అవుతుంది, అంటే పావు లీటరు లోపే. అంతకు మించి, ఫిల్టర్ పైకి వచ్చి, రంగో నురగో కనిపిస్తేనే మళ్లీ పిలవమన్నాను.